టమాటా ధర దళారి చేతిలో ఉండదు

మా కాలనీలో గురువారం సంత. సాయంత్రం నాలుగు కాకముందే రోడ్డుకు రెండు వైపులా పట్టాలు పరుచుకుంటాయి, చీకటి పడేసరికి బల్బులు వెలుగుతాయి. హైదరాబాద్‌లో ఇలాంటి వారసంతలు చాలానే ఉన్నాయి. కూరల సంచీ పట్టుకుని ఆ సందడిలో నడుస్తుంటే ప్రతివారం ఎవరో ఒకరి నోట ఒకే మాట వినిపిస్తుంది. "రైతుకు రెండు రూపాయలు, మనకు పన్నెండు. మధ్యలో పది ఎవడు మింగుతున్నాడు?" టీవీ చర్చలో అదే మాట. ఎన్నికల సభలో అదే మాట. దానికి జవాబు కూడా అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది: దళారి. ధర పెంచేది అతనే, రైతును ముంచేది అతనే, మన జేబు కొట్టేది అతనే. అతన్ని తీసేస్తే అందరూ బాగుపడతారు.

ఈ నమ్మకం తప్పని నా వాదన. తప్పుగా నమ్మడం వల్ల నష్టం కూడా జరుగుతోంది కాబట్టి దీన్ని చూసీచూడనట్టు వదిలేయలేం. కూరగాయల ధరను తేల్చేది ఆ రోజు మార్కెట్‌లో ఎంత సరుకు దిగింది, దాన్ని అడిగేవాళ్ళు ఎంతమంది అన్న రెండే. మధ్యవాళ్ళు చేసే అన్యాయాలు ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను. కానీ టమాటా 20 అవ్వాలో 200 అవ్వాలో నిర్ణయించే శక్తి వాళ్ళకు లేదు.

2023లో జరిగింది గుర్తు చేసుకోండి. జులై నెలాఖరుకు మదనపల్లె మార్కెట్‌లో మొదటి రకం టమాటా కిలో రెండు వందల రూపాయల దాకా వెళ్ళింది. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం సహకార సంస్థ ద్వారా రాయితీ టమాటా అమ్మించింది. నేపాల్ నుంచి కూడా తెప్పించారు. దళారులు కుమ్మక్కయ్యారని ఊరూవాడా తిట్టారు. ఆరు వారాలు గడిచాయి. సెప్టెంబరులో కర్నూలు జిల్లాలో అదే టమాటా కిలో ఐదు రూపాయలకు కూడా పోలేదు, రైతులు పెట్టెలకు పెట్టెలు రోడ్డు మీద పారబోశారు.

జులైలో ఉన్న మండీలే సెప్టెంబరులోనూ ఉన్నాయి. అదే వ్యాపారులు, అదే కమీషన్, అదే ఆశ. ధర వాళ్ళ చేతిలో ఉన్న వస్తువైతే రెండు వందల దగ్గర చేతికొచ్చిన దాన్ని ఐదుకు ఎందుకు జారవిడుస్తారు? ఆశ జులైలో పుట్టి సెప్టెంబరులో చచ్చిపోయేది కాదు. ఆ ఆరు వారాల్లో మారింది ఒక్కటే, లారీల లెక్క. అంతకు ముందు నెలల్లో ధర పడిపోయి చాలామంది టమాటా వేయడం తగ్గించారు. వేసిన తోటలను ఎండలు, వైరస్ తెగుళ్ళు దెబ్బతీశాయి. వానలు ఆలస్యమయ్యాయి. సరుకు లేదు, ధర ఎక్కింది. ధర ఎక్కిందని వేలమంది ఒకేసారి నారు పెట్టారు. సెప్టెంబరుకు ఆ తోటలన్నీ కాపుకొచ్చాయి, ధర కూలింది.

పంట కొంచెం తగ్గితే ధర అంతగా ఎందుకు ఎగరాలి అని అడుగుతారు. దిగుబడి ఐదో వంతు తగ్గితే ధర కూడా ఐదో వంతు పెరిగితే చాలు కదా, అంతకన్నా పెరిగిందంటే ఎవరో మోసం చేసినట్టే కదా అంటారు. ఈ అనుమానం సహజమే. దాన్ని తీర్చాలంటే మండీకి వెళ్ళనక్కర్లేదు, మన వంటగదిలోకి వెళ్తే చాలు.

పది ఇళ్ళున్నాయనుకుందాం. ఇంటికి వారానికి కిలో టమాటా. ఈ వారం ఎనిమిది కిలోలే వచ్చాయి. ధర పాత చోటే ఉంటే పదిమందీ అడుగుతారు, సరుకు ఎనిమిది మందికే ఉంది. కాబట్టి రెండు కిలోల అడుగుడు ఆగేదాకా ధర పెరగాలి. ఇరవై కాస్తా ఇరవై ఐదు అయితే ఎవరైనా మానేస్తారా? మానరు. పప్పులోకి, చారులోకి, పచ్చడిలోకి కావాలి, ఐదు రూపాయల కోసం కూర మార్చుకునేవాళ్ళు తక్కువ. నలభై అయితే కిలో కొనేవాళ్ళు ముప్పావు కొంటారు. అరవై అయితే పొదుపుగా సంసారం నడిపే ఇల్లాలు టమాటా పప్పు మాని చింతపండు నానబెడుతుంది. మామిడికాయ దొరికే రోజులైతే పుల్లమామిడి పప్పులో పడుతుంది. హోటలువాడు మాత్రం మానలేడు, అతని కూరలన్నిటికీ టమాటా గుజ్జే ఆధారం. ఇలా కొందరి చేత మాన్పించి, కొందరి చేత తగ్గింపజేసి ఆ రెండు కిలోలను వదిలించాలంటే ధర రెండింతలో మూడింతలో అవ్వక తప్పదు. ఈ సంగతి మనకు కొత్తగా తెలిసిందేమీ కాదు. ధాన్యం పదో వంతు తగ్గితే ధర పదికి మూడు వంతులు పెరుగుతుందని ఇంగ్లండ్‌లో చార్లెస్ డావెనెంట్ 1699లోనే లెక్కగట్టి రాశాడు.

సరుకు ఎక్కువైనప్పుడూ ఇదే జరుగుతుంది, కాకపోతే కిందికి. పది ఇళ్ళకు పన్నెండు కిలోలు వచ్చాయి. ధర సగమైందని ఎవరైనా రెండింతల టమాటాలు తింటారా? మహా అయితే నాలుగు కాయలు ఎక్కువ వేస్తారు, ఓపికున్నవాళ్ళు నిల్వపచ్చడి పెడతారు. మిగిలిన సరుకును గోదాములో దాచుకుని వచ్చే నెల అమ్ముకుందామంటే టమాటా ఆగదు. ఉల్లిగడ్డయితే నెలల తరబడి ఆగుతుంది, అందుకే దాన్ని దాచి ధర పెంచారన్న మాటలో అప్పుడప్పుడు పస ఉంటుంది. పండిన టమాటా నాలుగైదు రోజుల్లో నీరు కారుతుంది. కుళ్ళిపోయేదాన్ని దాచి ధర పెంచే వ్యాపారి లోకంలో ఎక్కడా ఉండడు.

ఇప్పుడు ఆ పన్నెండు రూపాయల లెక్కకు వద్దాం. మా సంతలో ఒకామె దగ్గర నేను ఐదారేళ్ళుగా కూరలు కొంటున్నాను. ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను సారూ అంటుంది. తెల్లవారుజామున మూడింటికి ఇంకో నలుగురితో కలిసి ట్రాలీ ఆటో మాట్లాడుకుని బోయినపల్లి మార్కెట్‌కు వెళ్తుంది. ఓ రోజు ఆమె ఖాళీగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని ఒక టమాటా పెట్టె లెక్క అడిగి రాసుకున్నాను.

పెట్టెలో 25 కిలోలు. ఆ రోజు బోయినపల్లిలో పెట్టె 500, అంటే కిలో 20. హమాలీ, ఆటోలో వాటా, సంతలో చోటుకు, బల్బుకు, కవర్లకు కలిపి ఆ పెట్టె మీద పడేది 85. మొత్తం 585. అడుగున నలిగినవి రెండు కిలోలు ఆవుకు పోయాయి. మిగిలిన 23 కిలోల్లో ముందుగా 16 కిలోలు 30 చొప్పున పోయాయి. ఏడున్నర దాటాక ఐదు కిలోలు 25 లెక్కన. చివర్లో రెండు కిలోలు కుప్పలు పోసి పదికి కిలో ఇచ్చేసింది. చేతికొచ్చింది 625. మిగిలింది 40 రూపాయలు. ఆ రోజంతా, తెచ్చిన సరుకంతా కలిపి ఆమెకు మిగిలింది ఏడు వందలు. తెల్లవారుజామున మూడింటి నుంచి రాత్రి పది దాకా పడిన కష్టానికి అది.

రైతు వైపు కూడా చూద్దాం. వికారాబాద్ వైపు నుంచి వచ్చే పెట్టె మీద కోత కూలి, పెట్టె, బండి కిరాయి కలిపి అరవై అనుకుందాం. హమాలీ, కమీషన్ ఇంకో నలభై. పెట్టె 500 పలికితే రైతుకు 400 చేతికొస్తాయి, కిలోకు 16. మనం కొన్నది సగటున 27. రెండింతలు కూడా లేదు.

అదే పెట్టె 125 పలికిన రోజు చూడండి. కమీషన్ కొంచెం తగ్గుతుంది కానీ కోత కూలి తగ్గదు, బండి కిరాయి తగ్గదు. ఎనభై పోగా రైతుకు మిగిలేది 45, కిలోకు రెండు రూపాయలు కూడా రావు. ఇటు అక్కకు పెట్టె ఖర్చు అదే 85. టమాటా చవకైందని ఆటోవాడు కిరాయి తగ్గించడు, బల్బువాడు తగ్గించడు. 125కు 85 కలిస్తే 210. ఆమె కిలో పన్నెండుకు మొదలుపెట్టి చివరికి ఐదుకు దిగితేగానీ ముప్ఫై రూపాయలు మిగలవు. "రైతుకు రెండు, మనకు పన్నెండు" అన్న మాట పుట్టేది ఈ రోజునే. మధ్యలో ఉన్న పది రూపాయలు ఎవరూ మింగలేదు. అవి కూలి, కిరాయి, కుళ్ళు. ధర ఎంత పడినా అవి పడవు కాబట్టి దెబ్బంతా రైతు మీదికి జారుతుంది.

పెట్టె 2500 అయిన రోజుల లెక్క ఇంకా చెప్పాలి. రైతుకు కిలోకు తొంభై దాకా అందుతుంది. అక్క 2585 పెట్టి, రెండు కిలోలు నలిగి, కిలో 120కి మొదలుపెట్టి, సాయంత్రానికి 110కి, ఆఖరు కాయలు 60కి ఇస్తే చేతికొచ్చేది 2590. ఐదు రూపాయల లాభం! జనం ఆమెను ఎక్కువగా తిట్టే రోజే ఆమెకు తక్కువ మిగిలే రోజు. అందుకే ఆ రోజుల్లో ఆమె అర పెట్టె మాత్రమే తెస్తుంది, కొన్ని వారాలు అసలు తేదు.

నా వాదనకు ఎదురుగా చూపించదగ్గ గట్టి ఆధారం ఒకటుంది. రిజర్వ్ బ్యాంక్ 2024లో ప్రచురించిన పరిశోధన పత్రాల ప్రకారం వినియోగదారుడు టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలు. ఈ అంకె నేను కాదనను. కానీ మిగిలిన 67 పైసలను లాభమని చదువుతున్నారు, అక్కడే తప్పు. అందులో లారీ డీజిలు ఉంది, హమాలీ నడుము ఉంది, ఆవుకు పోయిన రెండు కిలోలు ఉన్నాయి. బోయినపల్లి మార్కెట్‌లో మిగిలిపోయి కుళ్ళే కూరలు రోజుకు పది టన్నుల దాకా ఉంటాయి, వాటితో అక్కడ కరెంటే తీస్తున్నారు. ఆ కుళ్ళిన సరుకు ఖరీదు కూడా మనం కొనే మంచి కాయ మీదే పడుతుంది. మధ్యవాడిని తీసేయొచ్చు. అతను చేసే పని మాత్రం అక్కడే ఉంటుంది, ఎవరో ఒకరు ఎత్తాలి, మోయాలి, నష్టపోవాలి.

ఇంకో మాట కూడా గట్టిగా వినిపిస్తుంది: సంతలో అమ్మే మనిషి కొన్న ధర మీద తనకు నచ్చినంత వేసుకుని అమ్ముతుందని. ఇది కూడా నిజం కాదని నాకు నిరుడు ఆగస్టులో ఒక సాయంత్రం కళ్ళారా తెలిసింది. బోయినపల్లిలో ఆ పొద్దున కొత్తిమీర బాగా పిరమైంది. అక్క కట్ట 20 చెప్తోంది. ఐదుంపావుకు మబ్బు పట్టింది. ఆరింటికి కుండపోత. పట్టాల కిందికి దూరి నిలబడ్డాం. పక్కన వంకాయలతో పాటు కొత్తిమీర అమ్మే అతను గొడుగు కింద కూర్చుని కట్ట పదిహేను అని అరిచాడు. ఎవరూ రాలేదు. అక్క పది అంది. ఏడింటికి వాన తగ్గింది గానీ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు, మనుషులు లేరు. అక్క కట్ట ఐదుకు దిగింది.

"అక్కా, పొద్దున పన్నెండుకు తెచ్చినవు గదా, ఐదుకు ఇస్తే ఎట్ల?" అన్నాను.

"పన్నెండుకు తెచ్చిన సంగతి కొత్తిమీరకు ఎర్కనా సారూ? పొద్దుగాల్నంటే అది ఆకు, రేపటికి చెత్త. గిరాకీ లేదు, ఎంతకు పోతే అంతకే" అంది.

ఆమె ఎంతకు కొన్నదన్నది అమ్మే ధరను నిలబెట్టలేకపోయింది. కట్టలూ అవే, మనిషీ ఆమే. తగ్గింది అడిగేవాళ్ళు. మామూలు గురువారం ఇదే పద్ధతి మెల్లగా నడుస్తుంది కాబట్టి మనకు కనిపించదు. నాలుగింటికి పట్టా పరిచేటప్పుడు అటు ఇటు నాలుగు అంగళ్ళలో ఎంత సరుకుందో ఆమె ఒకసారి చూస్తుంది. బెండకాయ తన దగ్గరే ఉంటే ఐదు రూపాయలు ఎక్కువ చెప్తుంది, ఆరుగురి దగ్గర ఉంటే తక్కువకు మొదలుపెడుతుంది. ఆమెకు బేరం చేసే మనుషుల కంటే పక్క పట్టా మీది కుప్పంటేనే భయం.

గిరాకీ పెరిగితే ధర పెరిగి తీరుతుందన్నది కూడా తొందరపాటే. కార్తీకంలో ఎన్నో ఇళ్ళలో మాంసం ముట్టరు, అయ్యప్ప దీక్షలు నడుస్తుంటాయి, కూరలకు గిరాకీ బాగా ఉంటుంది. అయినా మంచి చలికాలంలో చిక్కుడు, వంకాయ, కాలీఫ్లవర్ చవకే, ఎందుకంటే సరుకు రాక గిరాకీని మించిపోతుంది. ఆ చలికే పూత నిలవని మునగ మాత్రం అదే అంగడిలో ఒక్కో కాయ లెక్కన అమ్ముడుపోతుంది. ఒకే మనిషి, ఒకే పట్టా, ఒకే సాయంత్రం. ఆమె దురాశే ధరలకు కారణమైతే మునక్కాయ మీద ఉన్న దురాశ వంకాయ మీద ఎందుకు లేదు?

దళారి కథ నమ్మిన ప్రభుత్వాలు ధరల బోర్డు రాస్తాయి. 1999 జనవరిలో మొదలైన రైతు బజార్లను నేను గౌరవిస్తాను. టోకు ధర మీద పాతిక శాతం ఎక్కువ, బయటి చిల్లర ధర కన్నా పాతిక శాతం తక్కువ అన్నది వాటి కొలత. వాటికి వచ్చిన పేరంతా ఆ బోర్డుదే అనుకుంటారు. నిజానికి ఆర్టీసీ బస్సుల్లో సరుకు వేసుకుని రైతులు నేరుగా ఊళ్ళోకి రావడం వల్ల ఆ వీధిలో కూరగాయలు పెరిగాయి, అమ్మేవాళ్ళు పెరిగారు. ధర అందుకే దిగింది. సరుకు లేని రోజున బోర్డు ఏం చేయగలదో 2023లో చూశాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 50కి టమాటా ఇప్పించింది. క్యూలు కట్టారు, మనిషికి ఒక్క కిలో అన్నారు, వెనక ఉన్నవాళ్ళు ఉత్త సంచీలతో ఇంటికెళ్ళారు. బోర్డు మీద 50 అని రాసినంత మాత్రాన ఒక్క కాయ కూడా ఎక్కువ కాయలేదు. కూలికి వెళ్ళాల్సిన మనిషి రెండు గంటలు ఎండలో నిలబడలేక వెనక్కి పోయింది, తీరిక ఉన్నవాడికి టమాటా దొరికింది.

ఇంతా చెప్పి మధ్యవాళ్ళంతా మంచివాళ్ళని నేను అనడం లేదు. తరుగు పేరుతో ప్రతి పెట్టెలో ఒకటి రెండు కిలోలు కోసేవాళ్ళున్నారు. విత్తనానికి, మందుకు ముందే అప్పిచ్చి, పంట తన మండీకే తేవాలని రైతు చేతులు కట్టేసేవాళ్ళున్నారు. వేలంలో నలుగురు కూడబలుక్కుని పాట పెంచకుండా ఆపేయడం కూడా ఉంది. ఇవన్నీ దొంగతనాలే. వీటికి మందు ఎలక్ట్రానిక్ కాంటా, అదే రోజు చెల్లింపు, బ్యాంకు అప్పు, వేలంలోకి బయటి రాష్ట్రాల కొనుగోలుదారులు ఇంకా ఎక్కువమంది రావడం. తరుగు దొంగను పట్టుకుని శిక్షించండి, నేను చప్పట్లు కొడతాను. కానీ అతను రైతు నుంచి రెండు కిలోలు దొంగిలించగలడే తప్ప ఊరి మీదికి రావలసిన లారీలను ఆపలేడు, వానలో ఖాళీ అయిన సంతకు మనుషులను తేలేడు. రెండు నేరాలనూ ఒకే పేరుతో పిలవడం వల్ల ఉన్న నేరం తప్పించుకుంటోంది, లేని నేరానికి రోడ్డు పక్క కూర్చున్న ఆడమనిషి తిట్లు తింటోంది.

ధర మీద కోపం ఉన్నవాళ్ళు చూడాల్సిన చోటు వేరే ఉంది. టమాటా నారు పెరగడానికి పాతిక ముప్ఫై రోజులు. పొలంలో నాటాక మొదటి కోతకు అరవై డెబ్బై రోజులు. అంటే ఈ రోజు ధర చూసి విత్తనం పెట్టినవాడికి పంట చేతికొచ్చేది మూడు నెలల తర్వాతే, అప్పటి ధరకే. పక్క ఊళ్ళో, పక్క జిల్లాలో, కర్ణాటకలో కోలారు వైపు ఇంకెంతమంది అదే పని చేశారో అతనికి తెలిసే దారి లేదు. తెలియక అందరూ ఒకేసారి వేస్తారు, కూలాక ఒకేసారి మానేస్తారు. రెండు వందలకూ, రోడ్డు మీద పారబోతకూ మూలం ఈ చీకటే.

ఆ లెక్క దొరకనిదేమీ కాదు. ఇప్పుడు టమాటా నారును రైతులు ఎక్కువగా సొంత మడుల్లో పెంచడం లేదు, షేడ్‌నెట్ నర్సరీల్లో ట్రేల లెక్కన కొంటున్నారు. ఈ వారం ఎన్ని మొక్కలు అమ్ముడుపోయాయో ప్రతి నర్సరీ పుస్తకంలో రాసి ఉంటుంది. వాటిని కూడితే రెండున్నర నెలల తర్వాత మార్కెట్లోకి ఎంత సరుకు రాబోతోందో ఇంచుమించుగా తెలుస్తుంది. వడగండ్లు, తెగుళ్ళు ఆ అంచనాను కొంత తప్పించవచ్చు, అయినా ఏమీ తెలియకుండా నాటడం కంటే వెయ్యి రెట్లు నయం. రెండు తెలుగు రాష్ట్రాల ఉద్యాన శాఖలకూ, మార్కెట్ కమిటీలకూ నా విన్నపం ఇదే: రైతు బజారు బోర్డు మీద ఈ రోజు ధర పక్కనే, ఈ వారం జిల్లాలో అమ్ముడుపోయిన టమాటా నారు మొక్కల సంఖ్య కూడా రాయించండి.